పార్శిల్ పోయాక ఈ కొరియర్ గురించి నా మాట

మంగళగిరి చీరలు పంపడానికి చాలా ఏళ్లుగా ఈ కొరియర్‌నే వాడుతున్నాను. పికప్, రేట్ల సంగతి అందరికీ తెలిసిందే. నా కోపమంతా డాకెట్‌లో, అంటే బుకింగ్ రసీదులో, సరుకు విలువ రాసే ‘డిక్లేర్డ్ వాల్యూ’ గడిని వాళ్లు లెక్కచేయకపోవడం మీదే.

07-02-2025న పుణెలోని ఓ షాపుకు 12 చీరలు బుక్ చేశాను. ఇన్‌వాయిస్ రూ.21,600, డాకెట్ మీదా అదే రాశాం. దానిపై 2 శాతం, అంటే రూ.432 రిస్క్ ఛార్జీ కట్టి, సరుకు పోతే బాధ్యత కొరియర్‌దే అని చెప్పే ‘క్యారియర్స్ రిస్క్’ గడిలో టిక్ పెట్టించాను. 09-02న హైదరాబాద్ హబ్‌లో ఇన్‌స్కాన్ పడింది. ఔట్‌స్కాన్ పడనే లేదు. ట్రాకింగ్ మాత్రం నెలంతా ‘ఇన్ ట్రాన్సిట్’ అనే చూపించింది. లోపలికి వచ్చిన స్కాన్ ఉండి బయటికి వెళ్లిన స్కాన్ లేదంటే, సరుకు దారిలో కాదు, ఆ హబ్‌లోనే పోయి ఉండే అవకాశం ఎక్కువ.

గట్టిగా అడిగితే వచ్చిన జవాబు: రసీదు వెనక షరతుల ప్రకారం గరిష్ఠంగా రూ.100 ఇస్తాం! రిస్క్ ఛార్జీ కట్టని సరుకుకు పెట్టిన షరతు అది. నా రూ.432 ఎందుకు తీసుకున్నట్టు మరి? కస్టమర్ కేర్‌ను వదిలేసి, 10-03-2025న హెడ్డాఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో ఇలా రాశాను:

“అయ్యా, పై డాకెట్ కింద 07-02-2025న 12 చేనేత చీరలు బుక్ చేశాను. డిక్లేర్ చేసిన విలువ రూ.21,600. రూ.432 రిస్క్ ఛార్జీ మీరు తీసుకున్నట్టు రసీదులో ఉంది. 09-02-2025న మీ హైదరాబాద్ హబ్‌లో ఇన్‌స్కాన్ అయిన తర్వాత సరుకు జాడ లేదు. అందలేదని పుణె షాపు రాసిచ్చింది. రిస్క్ ఛార్జీ తీసుకున్నారు కాబట్టి రూ.100 పరిమితి దీనికి వర్తించదు. విలువ రూ.21,600, ఫ్రైట్ రూ.640 కలిపి రూ.22,240 పదిహేను రోజుల్లో చెల్లించండి. దీన్ని క్యారేజ్ బై రోడ్ చట్టం, 2007లోని 16వ సెక్షన్ కింద నోటీసుగా తీసుకోండి.”

డాకెట్, ఇన్‌వాయిస్, ట్రాకింగ్ స్క్రీన్‌షాట్, షాపువాళ్ల లేఖ జతచేశాను. చివరి వాక్యం బెదిరింపు కాదు. ఆ చట్టం కింద కేసు వేయాలంటే, బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. నాకైతే ఆ గడువు ఆగస్టు 6తో అయిపోయేది. “వెతుకుతున్నాం” అన్న ఫోన్ మాటలు నమ్ముకుని కూర్చుంటే చేజారేది అదే.

ఏప్రిల్‌లో రూ.21,600 నా ఖాతాలో పడింది. ఫ్రైట్ ఇవ్వలేదు, నేనూ వదిలేశాను.

ఇంతకుముందు అడిగినవాళ్లందరికీ ఈ కొరియర్ గురించి బాగా చెప్పేవాణ్ని. చిన్న పార్శిళ్లకూ, రాష్ట్రం లోపల పంపేవాటికీ ఇప్పటికీ అదే చెబుతాను. మా పక్కన వేరే కొరియర్ బ్రాంచి లేదు, అందుకే నేనింకా మానలేదు. ఖరీదైన మూటలు మాత్రం రిస్క్ రసీదు చేతికొచ్చాకే కౌంటర్‌లో వదులుతున్నాను. రెండు కొరియర్లు అందుబాటులో ఉన్నవాళ్ల లెక్క వేరేగా ఉండొచ్చు.