జిప్పు విడిపోతుంటే రన్నర్ నొక్కడం: ఎక్కువకాలం వాడాక తేలింది

బ్యాగు జిప్పు వేసిన వెంటనే వెనకాలే విడిపోతుంటే చాలామంది పళ్ళు పోయాయనుకుని జిప్పంతా మార్పిస్తారు. నేను చూసినవాటిలో చాలావరకు పళ్ళు బాగానే ఉన్నాయి, అరిగింది రన్నరే. దాని పై రేకు, కింది రేకు మధ్య సందు పెరిగితే రెండు వరుసల పళ్ళనీ గట్టిగా కలపలేదు.

తేడా కనిపెట్టడం తేలికే. రన్నర్ ఎక్కడికి వెళ్తే అక్కడ విడిపోతుంటే తప్పు రన్నర్‌ది. ఎప్పుడూ ఒకే చోట విడిపోతుంటే అక్కడ పన్ను ఊడిందో, వంగిందో, పళ్ళలా పనిచేసే నైలాన్ చుట్ట పట్టీ నుంచి కుట్టు వదిలిందో చూడాలి. అలాంటిదానికి రన్నర్ నొక్కి లాభం లేదు.

నొక్కే ముందు రన్నర్‌ని జిప్పు పూర్తిగా తెరుచుకునే చివరికి తీసుకెళ్ళాలి. రన్నర్‌కి ఒక వైపు రెండు నోళ్ళుంటాయి, పళ్ళు విడివిడిగా లోపలికి వెళ్ళేది అటునుంచి. రెండో వైపు, అంటే పళ్ళు కలిసి బయటికొచ్చే వైపు, ఎడమ అంచుని ప్లయర్‌తో కొద్దిగా నొక్కి, కుడి అంచునీ అంతే నొక్కాలి. మధ్యలో నొక్కితే లాగే పుల్ల ఉన్న వంతెన విరుగుతుంది. ప్రతిసారీ జిప్పు వేసి చూడాలి. ఇంకా విడిపోతే మరికాస్త నొక్కాలి. ఇక్కడ తొందర పనికిరాదు, ఎందుకంటే చాలా రన్నర్లు జింకు మిశ్రమంతో పోతపోసినవి. ఆ లోహం వంగేది తక్కువ, ఒక్కసారిగా పుటుక్కున విరుగుతుంది. ఎక్కువ నొక్కితే ఇంకో చిక్కు, రన్నర్ కదలడమే మానేస్తుంది. అప్పుడు సన్నని స్క్రూడ్రైవర్ మొనతో ఆ అంచుని వెంట్రుకవాసి తెరవాలి.

ఈ మరమ్మతు శాశ్వతం కాదు. లోపల అరిగిన లోహం తిరిగి రాదు కదా. రోజూ వాడే బ్యాగుకి కొన్ని నెలలు పనిచేస్తుంది, రెండోసారి నొక్కితే అంతకంటే తక్కువ. మూడోసారి దాకా రానివ్వకుండా కొత్త రన్నర్ వేయించడం మేలు. పాతదాని వెనక ఉండే అంకె చూసుకోండి: జాకెట్లకు తరచుగా 5, పెద్ద బ్యాగులకు 8 లేదా 10. అంకె ఒక్కటే చాలదు. నైలాన్ చుట్ట, ప్లాస్టిక్ పళ్ళు, లోహపు పళ్ళు, ఈ మూడింటి రన్నర్లూ వేరు. 5 అని ఉన్నా ఒకదానిది మరొకదానికి సరిపోదు.

బిగుసుకుపోయిన జిప్పు సంగతి వేరు. లోపలి గుడ్డ ఇరుక్కుంటే రన్నర్‌ని ముందుకు లాగకండి. గుడ్డని పక్కకు లాగి పట్టుకుని, రన్నర్‌ని వెనక్కి కొంచెం కొంచెంగా జరపాలి. గుడ్డ ఏమీ ఇరుక్కోకుండానే బరువుగా కదులుతుంటే పాత టూత్‌బ్రష్‌తో సబ్బునీళ్ళు పెట్టి దుమ్ము కడిగి, ఆరాక పళ్ళ మీద కొవ్వొత్తి రుద్దండి. లోహపు పళ్ళకైతే పెన్సిల్ మొన చాలు. నూనె మాత్రం వద్దు, దానికి పట్టిన దుమ్మే రన్నర్‌ని లోపల్నుంచి అరగదీస్తుంది.