ఒకేసారి 2.5 శాతమా, ఆరు మెట్లా?

2022 మే మొదట్లో రెపో రేటు, అంటే ఆర్బీఐ బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ రేటు, 4 శాతం, 2023 ఫిబ్రవరికి 6.5. మధ్యలో ఆరు మెట్లు: 0.40, మూడుసార్లు 0.50, తర్వాత 0.35, 0.25. మధురవాడలో ఫ్లాట్ కొన్న మా బావ "ఎలాగూ పెంచేదే కదా, ఒకేసారి పెంచేస్తే పోయేది" అంటాడు.

సరే, లెక్క చూద్దాం. 30 లక్షల లోన్, 20 ఏళ్లు, 7 శాతం అయితే ఈఎంఐ దాదాపు 23,260. రెపోతో పాటు లోన్ రేటూ ఒక్కరోజులో 2.5 పెరిగి 9.5 అయిందనుకోండి, నెల వడ్డీయే 23,750, అంటే పాత ఈఎంఐ వడ్డీకి కూడా చాలదు, టెన్యూర్ ఎంత సాగదీసినా లోన్ తీరదు. నిజం చెప్పాలంటే మెట్లుగా పెంచినా చివరికి బావకి ఇదే గతి, తొమ్మిది నెలల్లో అసలు పెద్దగా తగ్గదు కదా, కాకపోతే సర్దుకోడానికి టైం దొరుకుతుంది.

అసలు లాభం ఆర్బీఐకి. రేటు పెంచిన ప్రభావం ధరల మీద కనపడ్డానికి చాలా నెలలు పడుతుంది, ఎంత పడుతుందో ముందే తెలీదు, అందుకే కొంచెం పెంచి, డేటా చూసి మళ్లీ పెంచుతారు. ఇంకోటి, ఒక మెట్టు ఎక్కితే ఇంకా ఉన్నాయని మార్కెట్ ముందే ఊహించి బాండ్ రేట్లు పెంచేస్తుంది, సగం పని అక్కడే అయిపోతుంది.

మరి ఒకేసారి దూకుడు ఎప్పుడు? రూపాయి జారిపోతుంటే. 2013 జులైలో రెపో ముట్టుకోకుండా, బ్యాంకులు అత్యవసరంగా ఒక్కరాత్రికి ఆర్బీఐ దగ్గర తెచ్చుకునే అప్పు మీద ఉండే ఎంఎస్ఎఫ్ రేటుని ఒకేసారి 2 శాతం పెంచి 10.25 చేశారు. అక్కడ మెట్లెక్కుతూ కూర్చుంటే దేశం దాటిపోయే డాలర్లు ఆగవు.