జాగ్రత్త: బీఎల్‌డీసీ ఫ్యాన్ డబ్బులు ఏడు నెలల్లో తిరిగొస్తాయంటే ఆ లెక్క అడగండి

తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు కొనాలనుకునేవాళ్లకు, ముఖ్యంగా ఇంట్లో ఉన్న ఫ్యాన్లన్నీ ఒకేసారి మార్చేద్దామనుకునేవాళ్లకు ఈ పోస్టు. హైదరాబాద్‌లో మేం కొన్న షాపులో కాగితం మీద లెక్క వేసి మరీ చూపించారు. మామూలు ఫ్యాన్ 75 వాట్లు, ఇది 28 వాట్లు, అంటే 47 వాట్ల ఆదా. రోజుకు 18 గంటల చొప్పున ఏడాదికి దాదాపు 309 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకుంటే 2,470 రూపాయలు. మామూలు ఫ్యాన్ 1,600, ఇది 3,000. తేడా 1,400 కాబట్టి ఏడు నెలల్లో వచ్చేస్తుందన్నారు.

గుణకారంలో తప్పేమీ లేదు. వాట్లు కూడా నిజమే, మీటర్ దగ్గర నిలబడి చూశాను. మీరూ చూడొచ్చు. ఫ్రిజ్, రౌటర్, ఇన్వర్టర్ అన్నీ ఆపేసి ఒక్క ఫ్యానే వేసి, మీటర్ మీద ఎర్ర లైట్ ఎన్ని సెకన్లకోసారి వెలుగుతోందో చూడండి. మీటర్ మీద 3200 imp/kWh అని ఉంటే 36,00,000ని 3200తో, ఆ తర్వాత సెకన్లతో భాగించాలి. మామూలు ఫ్యాన్ ఫుల్ స్పీడులో 15 సెకన్లకోసారి వెలిగింది, అంటే 75 వాట్లు. కొత్తది 40 సెకన్లకోసారి, అంటే 28. ఇన్వర్టర్ ఆపడం మాత్రం మరవకండి, అది చార్జింగ్‌లో ఉంటే లెక్కంతా తారుమారవుతుంది.

అసలు మోసం గంటల్లో, స్పీడులో ఉంది. బెడ్‌రూమ్ ఫ్యాన్ 18 గంటలు ఎవరింట్లో తిరుగుతుంది? రాత్రి ఎనిమిది గంటలు, అదీ మూడో నంబరు మీద. ఇప్పటి ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఉంటే మామూలు ఫ్యాన్ కూడా స్పీడు తగ్గించినప్పుడు కరెంటు తక్కువే తీసుకుంటుంది. మూడో నంబరులో మాది 42 వాట్లు చూపించింది, బీఎల్‌డీసీ 12 చూపించింది. ఆదా 47 కాదు, 30. చలికాలం తీసేసి ఏడాదికి 270 రాత్రులు వేసుకుంటే వచ్చేది 65 యూనిట్లు.

ఇప్పుడు రేటు. మీ బిల్లులో చివరి యూనిట్లు ఏ శ్లాబులో పడుతున్నాయో అదే రేటు పెట్టాలి. తెలంగాణలో నెలకు 200 నుంచి 300 యూనిట్ల మధ్య వాడే ఇంటికి ఆ చివరి యూనిట్లు 7.70 రూపాయల చొప్పున పడతాయి. అంటే ఏడాదికి 500 రూపాయల ఆదా, 1,400 తిరిగి రావడానికి దాదాపు మూడేళ్లు. 100 నుంచి 200 మధ్య వాడేవాళ్లకు 4.80 చొప్పున 310 రూపాయలే, అంటే నాలుగున్నరేళ్లు. గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇంటికి తిరిగొచ్చేది ఏమీ లేదు. కాకపోతే నెలనెలా 200 అంచున ఉండేవాళ్ల సంగతి వేరు. 203 వస్తే మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున పడుతుంది, 820 కావాల్సింది 1,020 అవుతుంది. జీరో బిల్లువాళ్లయితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. అలాంటి ఇంట్లో నెలకు ఐదు యూనిట్లు తగ్గినా లాభమే.

హాల్లో ఫ్యాన్ మాత్రం నిజంగానే గిట్టుబాటైంది. పెద్దవాళ్లు ఇంట్లోనే ఉంటారు, పగలంతా ఫుల్ స్పీడులోనే తిరుగుతుంది. రోజుకు 16 గంటలు, 300 రోజులు వేసుకుంటే 225 యూనిట్లు, 1,700 రూపాయల పైమాటే. కాబట్టి హాలుకు కొనండి, గెస్ట్ రూముకు వద్దు.

ఇక మమ్మల్ని ముంచింది బోర్డు. బీఎల్‌డీసీ మోటారును నడిపేది లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు. గోడ మీది పాత రెగ్యులేటర్ గుండా కరెంటు ఇస్తే అది దెబ్బతినొచ్చు, స్విచ్ నుంచి నేరుగా వైరు ఇవ్వాలి. షాపువాళ్లు పంపిన మనిషే రెగ్యులేటర్ తీయకుండా బిగించి, ఫుల్‌లో పెట్టుకుంటే చాలు అని చెప్పి వెళ్లాడు. ఏడాది తిరగకముందే బెడ్‌రూమ్ ఫ్యాన్ ఆగిపోయింది. సర్వీసుకు వచ్చినతను రెగ్యులేటర్ చూసి వారంటీ వర్తించదన్నాడు, షాపువాళ్లు మాకు సంబంధం లేదన్నారు. కొత్త బోర్డుకు 900 అయ్యింది. మూడేళ్లలో రావాల్సిన డబ్బు కాస్తా నాలుగున్నరేళ్లు దాటిపోయింది. మామూలు ఫ్యాన్‌కు చాలాసార్లు పోయేది కండెన్సర్, వీధి చివర ఎలక్ట్రీషియన్ వంద లోపు వేసి పోతాడు.

బిగించేటప్పుడు పక్కనే ఉండి రెగ్యులేటర్ లైన్లోంచి తీయించండి, తీశాక ఫోటో తీసి పెట్టుకోండి. బోర్డుకు, మోటారుకు వారంటీ వేర్వేరుగా ఉంటుందేమో అడిగి, రెండూ బిల్లు మీదే రాయించుకోండి. మా బిల్లు మీద ‘ఫ్యాన్ వారంటీ’ అని ఒక్క ముక్క మాత్రమే ఉంది.