కవితలు పంపేది పీడీఎఫ్‌లోనా, వర్డ్‌లోనా?

పత్రికకు మూడు నాలుగు కవితలు పంపేటప్పుడు పీడీఎఫ్ చూడ్డానికి బాగుంటుంది, పాదాలు మనం విరిచినచోటే ఉంటాయి. కానీ అందులోంచి కాపీ చేస్తే తరచూ ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. 'స్త్రీ' లాంటి మాట ముక్కలవుతుంది. పాపం, డీటీపీ చేసేవారు మళ్లీ టైపు చేయాలి. కొత్త తప్పులు దూరేది అక్కడే.

యూనికోడ్‌లో కొట్టిన వర్డ్ ఫైలుకు ఆ బాధ లేదు. దాని చిక్కల్లా ఖాళీలతోనే: స్పేస్‌బార్‌తో జరిపిన పాదం ఫాంటు మారగానే పక్కకు పోతుంది. అన్నీ ఎడమ అంచు నుంచే మొదలుపెట్టి, చరణాల మధ్య ఒక్క ఖాళీ లైను వదిలితే చాలు.

నా ఓటు వర్డ్‌కే. అమరికే ప్రాణమైన కవితైతే పీడీఎఫ్ కూడా జతచేస్తాను. ఈమెయిల్లో కవితల పేర్లు, ఫోన్ నంబరు, ఇవి ఇంకెక్కడా అచ్చుకాలేదన్న హామీ ఉంటే సరి. కవిత భావం వివరించక్కర్లేదు.