జూమ్ చేయాలా, నీడ గీత గీయాలా, లెక్కపెట్టాలా: నకిలీ అమ్మకపు ఫొటోను పట్టుకోడానికి ఏది మేలు?

తోలు బ్యాగు ఒకటి కొందామని చూస్తుంటే అమ్మకపు పేజీలో ఐదు ఫొటోలు కనిపించాయి. ఐదూ చక్కగా ఉన్నాయి. ఎక్కడో తేడా కొడుతోంది గానీ ఎక్కడో వేలు పెట్టి చూపలేకపోయాను. అవి నిజంగా తీసినవా, అతికించినవా, AI పుట్టించినవా తేల్చుకోడానికి నాకు తెలిసిన మూడు పద్ధతులనూ వాటి మీద ప్రయోగించి చూశాను.

ముందు ఒక మాట. ఫొటోను మార్చినంత మాత్రాన మోసమని కాదు. వెనకున్నది చెరిపి తెల్లగా చేయడం అమ్మేవాళ్లంతా చేసే పనే. ఐకియా సంస్థ 2006లోనే బెర్టిల్ అనే చెక్క కుర్చీ బొమ్మను పూర్తిగా కంప్యూటర్‌లో తయారుచేసి కేటలాగులో వేసింది. బొమ్మ కంప్యూటర్‌ది, కుర్చీ మాత్రం నిజంగా ఉంది. కాబట్టి తేల్చుకోవలసింది ఒక్కటే: బొమ్మలో కనిపించే వస్తువు అసలు ఉందా?

జూమ్ చేయడం అందరూ మొదట చేసే పని. నేనూ అదే చేశాను. మొదటి ఫొటోలో జిప్ పళ్లు మధ్యలో ముద్దకట్టి ఉన్నాయి. దొరికిందనుకున్నాను, కానీ అది సాక్ష్యం కాదు. సైట్లు చాలాసార్లు ఫొటోను చిన్నది చేసి JPEG గా కుదిస్తాయి. ఆ కుదింపు బొమ్మను 8×8 చుక్కల గళ్లుగా విడగొట్టి, గడిలోని సన్నని వివరాలను వదిలేస్తుంది. దాంతో నిజమైన జిప్ కూడా ముద్దలాగే కనబడుతుంది. కెమెరా సెన్సర్ మిగిల్చే సన్నని మచ్చలు, ఫైల్లో ఉండే కెమెరా వివరాలు కూడా చాలాసార్లు అప్‌లోడ్‌తోనే పోతాయి. పట్టుకోవడం కష్టమయ్యేది ఇందుకే: కృత్రిమ బొమ్మలో లోపించేవీ, కుదింపులో పోయేవీ చాలావరకు ఒకటే.

అందుకే జూమ్ చేసినప్పుడు మసక కోసం కాదు, అమరిక కోసం చూడాలి. పట్టీ బకిల్ కిందికి దూరితే అవతల బయటికి రావాలి. నా బ్యాగులో ఎడమ పట్టీ దూరింది గానీ, బయటికి రాలేదు. పక్కనే కుట్టు దారాలు పోగుపోగునా కనిపిస్తున్నాయి. కుదింపు పట్టీని అలా మాయం చేయలేదు.

నీడల పద్ధతి వేరే రకం. నీడ అంచున ఒక చుక్క, ఆ నీడను వేసిన మూల మీద ఇంకో చుక్క పెట్టి, రెండింటినీ కలిపే గీతను పొడిగించాలి. ఇలా నాలుగైదు గీతలు గీస్తే, దీపం ఒకటే అయినప్పుడు అవన్నీ ఒకేచోట కలుస్తాయి, లేదా సమాంతరంగా పోతాయి. స్కేలు తప్పనిసరి, ఎందుకంటే నీడల దిశలో తప్పు పట్టడంలో మన కన్ను చాలా బలహీనం. బల్ల మీద పెట్టినట్టున్న మూడో ఫొటోలో పక్కనున్న టీ కప్పు నీడ గీతలు ఒకచోట కలిస్తే, బ్యాగు నీడవి ఇంకోచోట కలిశాయి. పైగా బ్యాగు అడుగు బల్లకు ఆనే చోట ఉండాల్సిన సన్నని చీకటి గీత లేదు. అంటే బ్యాగును తెచ్చి అక్కడ అతికించారు. ఇలా అతికించినవాటికి ఇంతకు మించిన పరీక్ష లేదని నా అభిప్రాయం. కానీ తెల్లటి నేపథ్యం మీద చాలాసార్లు నీడే ఉండదు, స్టూడియోలో దీపాలు రెండు మూడు ఉంటాయి. మిగతా నాలుగు ఫొటోల్లో ఈ పద్ధతి నాకు పనికిరాలేదు.

లెక్కపెట్టడం మాత్రం అన్నిటికన్నా సులువు, నా ఓటు దానికే. బొమ్మలు పుట్టించే సాధనం కొత్త కోణం ఇచ్చిన ప్రతిసారీ వస్తువును కొంత మళ్లీ ఊహిస్తుంది. మొదటి ఫొటోలో కుడి పట్టీకి ఐదు రంధ్రాలు, నాలుగోదానిలో ఆరు. జేబు మూలన రివెట్లు ఒకచోట రెండు, ఇంకోచోట మూడు. తోలు మీది గీతలను మాత్రం పోల్చకండి. ఒకే రకం బ్యాగులు రెండు తీసి ఫొటోలు పట్టినా అవి మారతాయి. రంధ్రాలు, రివెట్లు, కుట్టు వరసలు అలా మారవు. అయితే కనీసం రెండు ఫొటోలుండాలి, రెండింటిలోనూ అదే భాగం కనిపించాలి. ఒక్క ఫొటోనే పెట్టిన చోట మళ్లీ పట్టీలు, బకిళ్ల దగ్గరికే రావాలి.

వేరేవాళ్లు తీసిన నిజమైన ఫొటోలను ఎత్తుకొచ్చి పెడితే ఈ మూడూ ఓడిపోతాయి. అక్కడ బొమ్మలో తప్పేమీ ఉండదు. ఇంటర్నెట్‌లో ఆ ఫొటో ఇంకెక్కడుందో, మాటలతో కాక ఆ బొమ్మనే పెట్టి వెతికి చూడాలి.

చివరికి ఎడమ బకిల్‌ను వెనక నుంచి ఫొటో తీసి పంపమని అమ్మే మనిషిని అడిగాను. నాకొచ్చింది మొదటి ఫొటోనే, బకిల్ చుట్టూ కత్తిరించి పెద్దది చేసింది.