షేర్డ్ మెయిల్‌బాక్స్: నాలుగేళ్లు వాడాక నా మాట

నలభై మంది ఉన్న ఆఫీసులో మైక్రోసాఫ్ట్ 365 ఖాతాలు చూసేది నేనే. ఎవరైనా మానేస్తే, వాళ్ల మెయిల్‌ను షేర్డ్ మెయిల్‌బాక్స్‌గా మార్చడం నాలుగేళ్లుగా నా పద్ధతి. మెయిళ్ల వరకూ నూటికి తొంభై మార్కులు వేస్తాను. ఫైళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒకసారి బోల్తా పడ్డాను.

ముందు మంచి సంగతి. ఉద్యోగి వెళ్లే రోజు సాయంత్రం Block sign-in పెట్టి, ఉన్న సెషన్లన్నీ సైనౌట్ చేస్తాను. తర్వాత అడ్మిన్ సెంటర్‌లో అతని పేరు తెరిచి, Mail ట్యాబ్‌లో Convert to shared mailbox నొక్కుతాను. లైసెన్స్ ఇంకా ఉండగానే ఈ పని అయిపోవాలి. లైసెన్స్ ముందే తీసేస్తే మెయిల్‌బాక్స్ 30 రోజులే నిలుస్తుంది. మార్చాక 50 జీబీ లోపు ఉంటే లైసెన్స్ అక్కర్లేదు, అంటే నెల నెలా డబ్బు మిగులుతుంది. ఆ స్థానంలోకి వచ్చినవాళ్లను సభ్యులుగా చేరిస్తే, పాత మెయిళ్లన్నీ వాళ్ల అవుట్‌లుక్‌లోనే కనిపిస్తాయి. ఖాతాను మాత్రం డిలీట్ చేయకూడదు, మెయిల్‌బాక్స్ దాన్నే పట్టుకుని ఉంటుంది.

ఇక బోల్తా సంగతి. 2025లో మా అకౌంట్స్ ఆయన మానేశారు. మెయిల్‌బాక్స్ 22 జీబీ, మార్చేశాను, లైసెన్స్ తీసేశాను. ఖాతా ఉంది కదా, వన్‌డ్రైవ్ కూడా ఉంటుందిలే అనుకున్నాను. సప్లయర్ల చెల్లింపుల ఎక్సెల్ షీట్ అందులోనే ఉంది, పన్నెండు మంది రోజూ తెరిచేవారు. మూడు నెలలు దాటాక ఒక ఉదయం, "అన్నా, షీట్ తెరుచుకోవట్లేదు" అంటూ ఫోన్ల మీద ఫోన్లు. ఆ ఏడాది జనవరి నుంచి, లైసెన్స్ లేని వన్‌డ్రైవ్ 93 రోజులు దాటితే ఆర్కైవ్‌లోకి వెళ్లిపోతుందట. ఖాతా బతికే ఉన్నా సరే. నిబంధన చదవకపోవడం నా తప్పే.

తిరిగి తెరిపించడానికి జీబీకి 60 సెంట్లు, నిల్వకు నెలకు జీబీకి 5 సెంట్లు. మాది 9 జీబీ, అంటే ఐదు డాలర్ల పైచిలుకు. డబ్బు చిన్నదే. దానికి కావాల్సిన అజూర్ సబ్‌స్క్రిప్షన్ పెట్టి, ఆఫీసు కార్డు ఇప్పించుకునేసరికే రెండు రోజుల టెన్షన్.

ఇప్పుడు లైసెన్స్ తీసే ముందు OneDrive ట్యాబ్‌లో Create link to files నొక్కి లోపలికెళ్తాను. నలుగురూ వాడే ఫైళ్లను టీమ్ షేర్‌పాయింట్ సైట్‌కు తరలిస్తాను. తరలించాక పాత లింకును నమ్ముకోను, కొత్త లింకు అందరికీ పంపి, ఇద్దరి చేత తెరిపించి చూస్తాను. ఒక వర్క్‌బుక్ ఇంకో వర్క్‌బుక్ నుంచి లెక్కలు లాగుతుంటే ఆ దారి తెగిపోతుంది, చేత్తో సరిచేయాలి. మొన్న డిజైనర్ వెళ్లినప్పుడు ఈ ఒక్క పనికే మధ్యాహ్నమంతా పట్టింది, మెయిల్‌బాక్స్ మార్చడం మాత్రం టీ తాగేలోపు అయిపోయింది.