రెండేళ్ళకు పైగా నడిపిన క్యాపిటల్ గెయిన్స్ ఖాతా: ఇల్లు అమ్మి ఇల్లు కట్టుకున్న నా అనుభవం

తిరుపతి కొర్లగుంటలో 2006 జూన్‌లో 9 లక్షలకు కొన్న ఇంటిని 2022 సెప్టెంబరులో 68 లక్షలకు అమ్మాను. తిరుచానూరు వైపు స్థలం కొని కొత్త ఇల్లు కట్టుకోవాలని ముందే అనుకున్నాం. అమ్మిన లాభం మీద పన్ను మినహాయింపు పోకుండా మధ్యలో డబ్బు ఉంచడానికి వాడిందే ఈ ‘క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్ స్కీమ్’ ఖాతా. 2023 జులైలో తెరిచాను, 2025 నవంబరులో మూసేశాను. ఈ ఖాతా ఉందని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు కానీ, లోపలికి దిగాక ఎలా ఉంటుందో చెప్పినవాళ్ళు నాకు దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

ముందు నా లెక్క చెప్తాను. అప్పటి రూల్ ప్రకారం కొన్న ధరను ద్రవ్యోల్బణ సూచీతో పెంచుకోవచ్చు. 2006-07 సూచీ 122, 2022-23 సూచీ 331. అలా నా 9 లక్షలు 24,41,803 అయ్యాయి. బ్రోకరుకు ఇచ్చిన 68,000 కూడా తీసేస్తే లాభం 42,90,197. దాని మీద 20 శాతం పన్ను, 4 శాతం సెస్సు కలిపితే దాదాపు 8 లక్షల 92 వేలు. ఆ అంకె చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. (2024 జులై 23 నుంచి రేటు మారింది. ఆ తేదీకి ముందు కొన్న ఇంటిని ఇప్పుడు అమ్మితే, ఇక్కడే నివసించే వ్యక్తులకు సూచీ లేకుండా 12.5 శాతం, సూచీతో 20 శాతం, ఈ రెండిట్లో ఏది తక్కువైతే ఆ పన్నే పడుతుంది.)

మా ఆడిటర్ ఒక్క మాటతో సగం టెన్షన్ తీసేశారు. “సార్, 68 లక్షలూ పెట్టక్కర్లేదు. లాభం 42.9 లక్షలు ఇంకో ఇంట్లో పెడితే చాలు.” 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 54లో ఉన్న వెసులుబాటు ఇదే. రెండేళ్ళకు పైగా మన దగ్గరున్న ఇల్లు అమ్మితే, అమ్మడానికి ఏడాది ముందు గానీ అమ్మాక రెండేళ్ళలోపు గానీ ఇంకో ఇల్లు కొనాలి. కట్టుకునేటట్టయితే అమ్మిన తేదీ నుంచి మూడేళ్ళు టైముంటుంది. ఇల్లు ఆ గడువులో పూర్తయితే స్థలం ఖరీదు కూడా లెక్కలోకి వస్తుంది.

చిక్కు రిటర్ను దగ్గర వచ్చింది. 2023 జులై 31 లోపు రిటర్ను వేయాలి. అప్పటికి నేను పెట్టింది స్థలానికి 18 లక్షలు, పునాదికి 6 లక్షలు. మిగతా 18,90,197 ఆ తేదీలోపు ఈ ప్రత్యేక ఖాతాలో పడితేనే దానికి మినహాయింపు. మామూలు సేవింగ్స్‌లోనో ఎఫ్‌డీలోనో ఉంచితే కుదరదు.

ఖాతా తెరవడానికే వారం పట్టింది. చంద్రగిరి దగ్గర పల్లెలో నాకు పాత ఖాతా ఉంది, అక్కడికే వెళ్ళాను. గ్రామీణ శాఖల్లో ఈ స్కీమ్ లేదన్నారు. అది నిజమే, రూలే అంత. టౌన్లో ఇంకో శాఖకు వెళ్తే అక్కడి ఉద్యోగి మామూలు ఎఫ్‌డీ ఫారం చేతిలో పెట్టి, పైన ‘క్యాపిటల్ గెయిన్స్’ అని రాసుకోమన్నారు. నేను ఒప్పుకోలేదు. ఫారం ‘ఎ’ కావాలని పట్టుబట్టి, మేనేజరు దగ్గర కూర్చుంటే మూడో రోజు దొరికింది. పాస్‌బుక్ మీద స్కీమ్ పేరు, ఖాతా రకం ఉన్నాయో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి. నేను నిలబడి చదివించుకున్నాను.

ఖాతా రకాలు రెండు. ‘ఎ’ సేవింగ్స్ లాంటిది, ‘బి’ టర్మ్ డిపాజిట్. నేను 10 లక్షలు ‘ఎ’లో, మిగతాది ‘బి’లో వేశాను. ‘బి’లో డబ్బు నేరుగా తీయలేం. ఫారం ‘బి’ ఇచ్చి ‘ఎ’లోకి మార్చుకున్నాకే తీయాలి, గడువుకు ముందైతే వడ్డీ కోత పడుతుంది. రెండింట్లో వచ్చే వడ్డీకి ఏటా మామూలుగానే పన్ను కట్టాలి.

అసలు కష్టం డబ్బు తీయడంలో ఉంది. చెక్‌బుక్ ఉండదు. మొదటిసారి ఫారం ‘సి’ ఇస్తే సరిపోతుంది. ఆ తర్వాత ప్రతిసారీ ఫారం ‘డి’ రెండు ప్రతులు నింపి, ముందు తీసిన డబ్బు దేనికి ఎంత ఖర్చయిందో చెప్పాలి. తీసిన డబ్బు 60 రోజుల్లో వాడాలి, వాడకపోతే తిరిగి వేసేయాలి. 25 వేలు దాటితే డబ్బు మన చేతికి రాదు. ఎవరికి ఇవ్వాలో వాళ్ళ పేరు మీద క్రాస్ చేసిన డీడీ ఇస్తారు.

స్లాబు వేసిన వారం మేస్త్రికి లక్షన్నర డీడీ తీసుకెళ్ళాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “అన్నా, ఇది నేనేం చేసుకునేది? శనివారం కూలోళ్ళకు నోట్లు ఇయ్యాల” అన్నాడు. పైగా అతని పాస్‌బుక్‌లో ఇంటిపేరు ముందుంది, డీడీ మీద లేదు. రద్దు చేయించి కొత్తది తీసేసరికి నాలుగు రోజులు పోయాయి. అప్పటి నుంచి పద్ధతి మార్చాను. అమ్మిన డబ్బులో లాభం పోగా మిగిలిన పాతిక లక్షలకు ఏ షరతూ లేదు కాబట్టి కూలీ దాన్నుంచి ఇచ్చాను. సిమెంటు, ఇనుము, టైల్సు షాపులకు మాత్రం డీడీలు. షాపువాళ్ళు జీఎస్‌టీ బిల్లు ఇస్తారు, ఫారం ‘డి’ నింపడమూ సులువైంది.

అయితే ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. ఫారాలతో విసిగిపోయి, చివర్లో తలుపులు, పెయింటింగ్, బోరు అన్నీ చేతి డబ్బుతోనే కానిచ్చేశాను. అలా సొంతంగా పెట్టింది 7 లక్షలు దాటింది. ఖాతా నుంచి తీసింది 17,55,000. మొత్తం ఇంటికైన ఖర్చు 48 లక్షల పైచిలుకు, అంటే లాభం కంటే ఐదు లక్షలకు పైగా ఎక్కువ. ఇక ఏ ఇబ్బందీ లేదనుకున్నాను. ఆడిటర్ పాస్‌బుక్ చూసి తల అడ్డంగా ఊపారు. చట్టం అడిగేది ఇంటికి మొత్తం ఎంతయిందని కాదట, డిపాజిట్ చేసిన డబ్బు ఇంటికి వాడామా లేదా అని. 2025 సెప్టెంబరులో మూడేళ్ళు నిండే నాటికి ఖాతాలో మిగిలిన అసలు 1,35,197 ఆ ఏడాది దీర్ఘకాలిక లాభంగా చూపించాల్సి వచ్చింది. పెయింటరుకు ఒక డీడీ, బోరుకు ఒక డీడీ తీసుంటే సున్నా అయ్యేది. నాలుగు ఫారాలకు బద్ధకించినందుకు పడిన పన్ను ఇది, ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది. మీరు కడుతుంటే ముందు ఖాతా ఖాళీ చేయండి, చేతి డబ్బు చివరికి ఉంచుకోండి.

రెడీ ఫ్లాటు కొనేవాళ్ళకు ఇవేమీ ఉండవు. అమ్మేవాళ్ళ పేరు మీద ఒకటో రెండో డీడీలు, పని అయిపోతుంది. వాళ్ళకు ఈ ఖాతా నిస్సందేహంగా మంచిది. కట్టుకునేవాళ్ళకు కూడా నేను వద్దనను, మూడున్నర లక్షలకు పైగా పన్ను నాకు తప్పించింది ఇదే. ఇంకో జాగ్రత్త, కొత్త ఇంటిని మూడేళ్ళలోపు అమ్మకండి. అమ్మితే మినహాయింపు పొందిన లాభాన్ని ఆ ఇంటి ఖరీదులోంచి తీసేసి లెక్క కడతారు, పన్ను మళ్ళీ మీదికొస్తుంది.

మూసేటప్పుడు ఫారం ‘జి’ బ్యాంకుకు ఇస్తే చాలదు, ఆదాయపు పన్ను అధికారి అనుమతి కావాలి. ప్లాను అనుమతి, బిల్లులు, రిటర్ను కాపీలు, ఫారం ‘డి’ నకళ్ళు ఒక ఫైలుగా కుట్టి ఇచ్చాను. ఆ ఫైలు వల్లే రెండోసారి తిరగకుండా సంతకం దొరికింది. మర్నాడే మిగిలిన డబ్బు, వడ్డీ నా సేవింగ్స్‌లో పడ్డాయి.